దిర్హమ్‌లు పంపాక ఇంటికి తక్కువ పడితే: తేడా ఎక్కడ పోయిందో పట్టుకునే లెక్క

ప్రశ్న: అన్నా, నేను దుబాయ్‌లో డ్రైవర్ని. జూన్ మొదటి వారంలో ఎక్స్ఛేంజ్ కౌంటర్‌లో 2,000 దిర్హమ్‌లు కట్టి, ఊళ్ళో అమ్మ ఖాతాకు పంపాను. ఆ రోజు గూగుల్‌లో రేటు 24 రూపాయలు. అంటే 48,000 పడాలి. అమ్మ బ్యాంకుకు వెళ్తే 46,456 రూపాయలే ఉన్నాయన్నారట. అంతకు ముందు ఖాతాలో ఏమీ లేదు. ఈ 1,544 రూపాయలు ఎవరు కోశారు? కంప్లైంట్ ఎవరి మీద పెట్టాలి? రసీదు, పాస్‌బుక్ పేజీ ఫోటోలు పెట్టాను.

సమాధానం:

తమ్ముడూ, నేను షార్జాలో ఎక్స్ఛేంజ్ కౌంటర్ వెనక చాలా ఏళ్లు పనిచేశాను. నీ రెండు ఫోటోలూ చూశాను. నీ డబ్బులో దొంగతనంగా పోయింది ఏమీ లేదు. కానీ నువ్వు పోల్చిన రెండు అంకెలూ పోల్చాల్సినవి కావు. ఒక పక్క గూగుల్ రేటు, ఇంకో పక్క ఖాతాలో మిగిలిన బ్యాలెన్స్ పెట్టుకుని చూశావు. ఈ రెండింటి మధ్య మూడు చోట్ల డబ్బు తగ్గొచ్చు: కౌంటర్ దగ్గర, దారిలో, అమ్మ ఖాతాలోకి వచ్చాక. ఏ చోట ఎంత తగ్గిందో తెలియాలంటే మధ్యలో ఉన్న రెండు అంకెలు చూడాలి. ఒకటి నీ రసీదు మీద రాసిన రూపాయల మొత్తం. రెండోది అమ్మ పాస్‌బుక్‌లో ఆ రోజు జమ అయిన లైను. బ్యాలెన్స్ కాదు, జమ లైను.

నీ రసీదు మీద రూపాయల మొత్తం 47,089.76. అమ్మ పాస్‌బుక్‌లో జమ లైను కూడా 47,089.76. పైసలతో సహా సరిపోయింది. అంటే దారిలో ఒక్క రూపాయి కూడా పోలేదు. పోయిందంతా పంపకముందు, లేదా పడ్డాక.

ముందు కౌంటర్ సంగతి. నువ్వు 2,000 దిర్హమ్‌లు ఇచ్చి "ఇందులోనే సర్దేయండి" అని ఉంటావు. అందుకే ఫీజు అందులోంచే తీశారు. రసీదులో చార్జీలు 22 దిర్హమ్‌లు, దాని మీద 5 శాతం వ్యాట్ 1.10 అని ఉంది. యూఏఈలో 2018 జనవరి నుంచి ఈ వ్యాట్ వేస్తున్నారు. అది ఫీజు మీదే తప్ప నువ్వు పంపే సొమ్ము మీద కాదు. ఈ రెండూ కలిపి 23.10 పోగా రూపాయల్లోకి మారింది 1,976.90 దిర్హమ్‌లు. ఇచ్చిన రేటు 23.82.

ఇప్పుడు గూగుల్ రేటు గురించి ఒక మాట. దిర్హమ్ డాలర్‌కి కట్టేసి ఉంటుంది. 1997 నుంచి డాలర్‌కి 3.6725 దిర్హమ్‌లే. కాబట్టి రూపాయితో దిర్హమ్ రేటు విడిగా పెరగదు, తగ్గదు. డాలర్ ధర ఎంతుందో చూసి 3.6725తో భాగిస్తే వచ్చేదే దిర్హమ్ రేటు. డాలర్ 88.14 ఉంటే దిర్హమ్ 24.00. గూగుల్ చూపించేది పెద్ద బ్యాంకులు తమలో తాము కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్యలో ఉన్న అంకె. ఆ రేటుకి కౌంటర్‌లో నీకు గానీ నాకు గానీ ఎవరూ ఇవ్వరు. ఎక్స్ఛేంజ్ వాళ్ళు అందులో కొన్ని పైసలు తమ లాభంగా ఉంచుకుని మిగతాది ఇస్తారు. నీ విషయంలో 18 పైసలు ఉంచుకున్నారు. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి ఈ గ్యాప్ కొంచెం ఎక్కువ పెట్టుకోవడం మామూలే. సోమవారం డాలర్ ఎటు పోతుందో తెలియని రిస్క్ వాళ్ళది కదా. తొందర లేకపోతే మార్కెట్ నడిచే రోజుల్లో పంపు.

కాబట్టి కౌంటర్ దగ్గర తగ్గింది ఇంత: ఫీజు, వ్యాట్ కింద 23.10 దిర్హమ్‌లు, గూగుల్ రేటు లెక్కన 554.40 రూపాయలు. రేటులో 18 పైసల చొప్పున 1,976.90 దిర్హమ్‌ల మీద 355.84 రూపాయలు. రెండూ కలిపితే 910.24. 48,000 లోంచి ఇది తీసేస్తే సరిగ్గా 47,089.76. నీ 1,544లో పెద్ద ముక్క ఇదే. ఇదంతా రసీదు మీద రాసే ఉంది. రేటులో ఉంచుకున్న పైసలు మాత్రం ఎవరూ రాయరు, అది మనమే లెక్క కట్టుకోవాలి.

కొన్ని చోట్ల రసీదు మీద రేటు తిరగేసి ఉంటుంది. 23.82 అని కాకుండా ఒక రూపాయికి 0.04198 అనో, వెయ్యి రూపాయలకి 41.98 దిర్హమ్‌లు అనో రాస్తారు. కంగారు పడొద్దు. ఫోన్‌లో 1 ని 0.04198తో భాగిస్తే మళ్ళీ 23.82 దగ్గరికే వస్తుంది. ఇలా రాసినప్పుడు అంకె తక్కువ ఉంటేనే మనకు లాభం, ఇది గుర్తుంచుకో. ఈ తికమకలో తక్కువ రేటుని మంచి రేటు అనుకున్నవాళ్ళని కౌంటర్ దగ్గర చాలామందిని చూశాను.

ఇక రెండో ముక్క. 47,089.76 జమ అయితే అమ్మకి 46,456 మాత్రమే ఎలా కనిపించింది? పాస్‌బుక్ ఫోటోలో జమ లైను కింద చూడు. అదే రోజు, మరుసటి రోజు మూడు కోతలు ఉన్నాయి. ఒకటి 436 రూపాయలు, పక్కన PMJJBY అని ఉంది. ఇంకోటి 20 రూపాయలు, PMSBY. మూడోది 177 రూపాయలు, ఏటీఎం కార్డు ఏడాది చార్జీ, అంటే 150కి 18 శాతం జీఎస్టీ కలిపి. మొత్తం 633. 47,089.76 లోంచి తీసేస్తే 46,456.76. లెక్క పూర్తిగా కలిసింది.

మొదటి రెండూ ప్రధానమంత్రి పేరుతో ఉన్న బీమా పథకాల ప్రీమియంలు. 436ది జీవన జ్యోతి, ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 2 లక్షలు ఇస్తుంది. 20ది సురక్ష, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. ఇవి ఏటా జూన్ 1 నుంచి మే 31 వరకు నడుస్తాయి కాబట్టి మే చివర్లో ఖాతాలోంచి వాటంతటవే కోస్తారు. అమ్మ ఖాతాలో అప్పుడు డబ్బు లేదు. నువ్వు పంపింది పడగానే కోత పడింది. కార్డు చార్జీ కూడా అలాగే ఎదురుచూస్తూ ఉంది. నెలాఖరుకి ఖాళీ అయ్యే ఖాతాల్లో జరిగేది ఇదే. ఆగి ఉన్న కోతలన్నీ గల్ఫ్ డబ్బు పడ్డ గంటలోనే పడతాయి, ఇంట్లో వాళ్ళు దాన్ని పంపడంలో వచ్చిన తేడా అనుకుంటారు. చాలా ఇళ్ళల్లో ఎస్ఎంఎస్ చార్జీ, మినిమం బ్యాలెన్స్ లేనందుకు జరిమానా, పంట రుణం కిస్తీ కూడా ఇలాగే పోతాయి. పంట రుణం పాత బాకీ ఉన్న బ్యాంకులోనే డబ్బు వేయించుకుంటే వేలల్లో కూడా కోత పడవచ్చు. అలాంటప్పుడు బాకీ లేని వేరే బ్యాంకులో ఖాతా తెరిచి అందులోకి తెప్పించుకోవడమే మేలు.

ఈ బీమాలు వద్దనిపిస్తే అమ్మ బ్రాంచికి వెళ్ళి ఒక కాగితం రాసిస్తే వచ్చే ఏడాది నుంచి ఆపేస్తారు. నా మాట అడిగితే ఆపించొద్దు. ఏడాదికి 456 రూపాయలకి ఇంతకన్నా మంచి బీమా ఊళ్ళో దొరకదు. ఒక్కటి మాత్రం చూడు. జీవన జ్యోతి 55 ఏళ్ళ వరకే. అమ్మకి ఆధార్ ప్రకారం 55 దాటి ఉంటే ఆ 436 గురించి బ్రాంచిలో గట్టిగా అడగాలి.

నీ ఫోటోలో లేనిది, కానీ నీ తరవాతి ప్రశ్న అదే అవుతుందని తెలిసి చెబుతున్నాను. అమ్మ డబ్బు ఎక్కడ తీస్తుంది? ఊళ్ళో మినీ బ్యాంకులో వేలిముద్ర వేసి తీస్తే అక్కడ ఇంకో కోత ఉండొచ్చు. కొన్ని ఊళ్ళల్లో పదివేలకి వంద చొప్పున పట్టుకుని ఇస్తారు. సొంత బ్యాంకు మిత్ర దగ్గర సొంత ఖాతాలోంచి తీసినందుకు అలా చేతికి ఇవ్వాల్సిన పనే లేదు, వాళ్ళకి బ్యాంకే కమిషన్ ఇస్తుంది. వేలిముద్రతో ఒకసారికి 10,000 మించి రాదు కాబట్టి నలభై వేలు తీయాలంటే నాలుగుసార్లు వేలు పెట్టించాలి. అక్కడే జాగ్రత్త. "సర్వర్ లేదు, ఇంకోసారి పెట్టమ్మా" అన్నప్పుడల్లా ఖాతాలో డబ్బు పోయిందో లేదో మెసేజ్ చూడాలి. అమ్మ ఖాతాకి ఉన్న ఫోన్ నంబరు ఎవరిదో కనుక్కో. నువ్వు ఇండియాలో ఉన్నప్పుడు వాడి ఇప్పుడు రీచార్జి లేక ఆగిపోయిన నంబరే అయితే ఆ మెసేజ్‌లు ఎవరికీ చేరవు. ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను. ముందు ఆ నంబరు మార్పించు.

నీ విషయంలో రసీదు మొత్తం, జమ లైను పైసాతో సహా ఎందుకు కలిశాయో చెప్పాలి, ఎందుకంటే అందరికీ కలవదు. గల్ఫ్ ఎక్స్ఛేంజ్ కంపెనీలకి ఇండియా బ్యాంకుల్లో రూపాయి ఖాతాలు ఉంటాయి. దిర్హమ్‌లు రూపాయలుగా మారడం దుబాయ్‌లోనే అయిపోతుంది. ఇండియాలో ఆ రూపాయి ఖాతాలోంచి నెఫ్ట్ ద్వారానో ఐఎంపీఎస్ ద్వారానో అమ్మ ఖాతాకి మామూలు రూపాయల్లా వచ్చేస్తాయి. మధ్యలో ఇంకెవరూ మార్చరు, అందుకే కోత లేదు. రిజర్వ్ బ్యాంక్ దీన్ని రుపీ డ్రాయింగ్ అరేంజ్‌మెంట్ అంటుంది. ఈ దారిలో వచ్చిన డబ్బులో రసీదుకీ జమకీ పది రూపాయలు తేడా వచ్చినా వదలొద్దు.

అదే మీ కంపెనీ వాళ్ళో, నీ ఫ్రెండో బ్యాంకు నుంచి డాలర్లుగా స్విఫ్ట్ అనే అంతర్జాతీయ బ్యాంకుల నెట్‌వర్క్‌లో పంపిస్తే కథ వేరు. ఉదాహరణకి 1,000 డాలర్లు పంపారనుకో, ఆ రోజు గూగుల్ రేటు 88. దారిలో ఒక మధ్యవర్తి బ్యాంకు 20 డాలర్లు తీసుకుంది. ఇండియా బ్యాంకుకి 980 చేరాయి. వాళ్ళు తమ కొనుగోలు రేటు 87.40 వేశారు, 85,652 రూపాయలు అయ్యాయి. కరెన్సీ మార్చినందుకు జీఎస్టీ పడుతుంది. లక్ష రూపాయల లోపు మొత్తానికి అందులో 1 శాతాన్ని సేవ విలువగా లెక్కేస్తారు, అది 250కి తగ్గకూడదు. దాని మీద 18 శాతం. ఇక్కడ 154.17. చివరికి పడేది 85,497.83. 88,000కి ఇది 2,502 రూపాయలు తక్కువ, అందులో 1,760 దారిలో పోయిన ఆ 20 డాలర్లే. ఇంకొన్ని బ్యాంకులు ఇన్‌వర్డ్ చార్జీ అని విడిగా వేస్తాయి.

స్విఫ్ట్‌లో పంపేటప్పుడు ఫారంలో చార్జీలు ఎవరు భరిస్తారని మూడు గడులు ఉంటాయి: OUR, SHA, BEN. OUR పెడితే దారి చార్జీలు పంపేవాళ్ళే కడతారు. SHA పెడితే చెరో వైపువి చెరొకరు, మధ్యవర్తి కోత అందుకునేవాళ్ళ నెత్తిన పడుతుంది. BEN అంటే అన్నీ అందుకునేవాళ్ళవే. దారిలో ఎంత పోయిందో చూడాలంటే పంపిన బ్యాంకుని స్విఫ్ట్ కాపీ అడగాలి, ఇక్కడి బ్రాంచిని ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ అడగాలి. ఆ అడ్వైస్‌లో చేరిన డాలర్లు, వేసిన రేటు, జీఎస్టీ అన్నీ విడివిడిగా ఉంటాయి. "టాక్స్ కోశారు" అని బ్రాంచిలో ఎవరైనా అంటే అది ఈ జీఎస్టీనే. కొడుకు తల్లికి పంపిన డబ్బు మీద ఇన్‌కం టాక్స్ లేదు. టీసీఎస్ అనే పన్ను కోత ఇండియా నుంచి బయటికి పంపేటప్పటి మాట.

పాస్‌బుక్ జమ లైనులో ఇంకోటి కూడా చూడమని చెబుతాను. నీదాంట్లో నెఫ్ట్ అని, ఎక్స్ఛేంజ్ కంపెనీ పేరు ఉంది. అది సరైనది. దాని బదులు ఎవరో తెలియని మనిషి పేరు మీద యూపీఐలోనో ఐఎంపీఎస్‌లోనో, అదీ రెండు మూడు ముక్కలుగా పడితే అది హుండీ డబ్బు, అంటే బ్యాంకు దారిలో కాకుండా దొంగదారిలో పంపింది. రూములో ఎవరో "రేటు ఎక్కువ ఇస్తాం" అంటే ఇచ్చి ఉంటావు. ఆ తెలియని మనిషి ఖాతా ఏదైనా సైబర్ మోసం కేసులో ఉంటే, పోలీసులు డబ్బు వెళ్ళిన ఖాతాలన్నీ ఆపిస్తారు. అమ్మ ఖాతా ఆగిపోతుంది. చూపించడానికి నీ దగ్గర రసీదు ఉండదు. పది పైసల రేటు కోసం అమ్మని పోలీస్ స్టేషన్ చుట్టూ తిప్పొద్దు.

వచ్చే నెల ఎక్కడ పంపాలో తేల్చుకోవడానికి రేటు ఒక్కటే చూడొద్దు, ఫీజు ఒక్కటే చూడొద్దు. చేతిలోంచి పోయే మొత్తం దిర్హమ్‌లతో, పడబోయే రూపాయలని భాగించు.

```
47,089.76 ÷ 2,000 = 23.54
```

నీకు నిజంగా దొరికిన రేటు 23.54. పక్క వీధిలో "ఫీజు లేదు" అని బోర్డు పెట్టి 23.50 ఇస్తే 47,000 పడతాయి, అంటే నీకు 90 రూపాయలు తక్కువ. ఫీజు ప్రతిసారీ ఒకటే కాబట్టి ముక్కలుగా పంపడం నష్టం. ఇదే 2,000ని వారానికి 500 చొప్పున నాలుగుసార్లు పంపితే, ఒక్కోసారి ఇదే ఫీజు కడితే, 69.30 దిర్హమ్‌లు అదనంగా పోతాయి, దాదాపు 1,650 రూపాయలు. నువ్వు ఈరోజు టెన్షన్ పడుతున్న మొత్తం కన్నా అదే ఎక్కువ. కొన్ని చోట్ల వెయ్యి దిర్హమ్‌ల లోపు పంపితే ఫీజు తక్కువ ఉంటుంది, అడిగి చూడు. అమ్మకి సరిగ్గా ఇంత పడాలి అనే లెక్క ఉంటే కౌంటర్‌లో దిర్హమ్‌లు కాకుండా రూపాయలు చెప్పు: "48,000 పడాలి, ఎన్ని దిర్హమ్‌లు ఇవ్వాలి?" అని. ఫీజుతో కలిపి వాళ్ళే చెబుతారు.

వెళ్ళినప్పుడు అమ్మ బ్యాంకు వివరాలు వాళ్ళ సిస్టంలో సరిగా ఉన్నాయో కూడా చూడు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది. తెలంగాణలోని ఏపీజీవీబీ బ్రాంచిలు 2025 జనవరిలో తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాత ఐఎఫ్ఎస్సీ కోడ్‌తోనో, పేరు తేడాతోనో పంపితే డబ్బు తిరిగి వస్తుంది. అప్పుడు రూపాయల్ని మళ్ళీ దిర్హమ్‌లుగా ఆ రోజు రేటుకి, అదీ వాళ్ళు కొనే రేటుకి మారుస్తారు. ఫీజు మామూలుగా తిరిగి రాదు. 2,000 పంపి 1,950 చేతికొచ్చాయని గొడవపడేవాళ్ళలో ఎక్కువమందికి జరిగింది ఇదే.

కంప్లైంట్ గురించి అడిగావు. ఈ 1,544కి ఎవరి మీదా పెట్టడానికి లేదు, రెండు వైపులా కాగితం మీద లెక్క కలిసింది. ఎప్పుడైనా రసీదు మొత్తం, జమ లైను కలవకపోతే మాత్రం ముందు ఎక్స్ఛేంజ్ బ్రాంచికి వెళ్ళి రసీదు మీద ఉన్న ట్రాన్సాక్షన్ నంబరుతో రాతపూర్వకంగా ఇవ్వు, నెఫ్ట్ రిఫరెన్స్ అడుగు. ఆ నంబరు ఉంటే అమ్మ బ్రాంచిలో వాళ్ళు డబ్బు ఎంత వచ్చిందో నిమిషంలో చూసి చెప్పగలరు. ఎక్స్ఛేంజ్ వాళ్ళు తేల్చకపోతే యూఏఈలో సనదక్ అనే సంస్థ ఉంది, సెంట్రల్ బ్యాంక్ లైసెన్స్ ఉన్న కంపెనీల మీద ఫిర్యాదులు అక్కడ తీసుకుంటారు. తప్పు ఇండియా బ్యాంకుది అయితే ముందు బ్యాంకుకి రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు. డబ్బేమీ కట్టక్కర్లేదు. ఏదైనా అడగాలంటే 14448కి ఫోన్ చేయొచ్చు. ఈ ఫిర్యాదుల్లో నిలిచేవి రెండే కాగితాలు: నీ రసీదు, జమ లైను కనిపించే పాస్‌బుక్ పేజీ. రసీదు మీద అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోవచ్చు, తీసుకున్న రోజే ఫోటో తీసి పెట్టుకో. అమ్మతో పాస్‌బుక్ ప్రింట్ ప్రతి నెలా వేయించు.